ఆ త్రీడీ చార్టు మార్చాలి మేడమ్

“మూడో పేజీలో అమ్మకాల వాటాలకి త్రీడీ పై చార్టు పెట్టండి. కాస్త రిచ్‌గా ఉండాలి.” బ్రోషర్లు, వార్షిక నివేదికలు, ప్రెజెంటేషన్లు చేసిపెట్టే ఫ్రీలాన్స్ డిజైనర్లకు ఇలాంటి మెసేజ్ కొత్తేమీ కాదు. ఎక్సెల్‌లో నాలుగైదు క్లిక్కులు కొడితే అయిపోయే పని. అడిగింది అడిగినట్టు చేసి బిల్లు పంపేస్తే ఎవరూ ఏమీ అనరు. అయినా కొందరు అక్కడ ఆగుతారు. ఈ చార్టు ఇలా వేయకూడదు, మరోలా వేస్తాం, కారణం ఇదీ అని క్లయింటుకు ఈమెయిల్ రాస్తారు. చార్టు గీయడం కన్నా ఆ ఉత్తరం రాయడమే కష్టం. క్లయింటు ఆ బొమ్మను ఇష్టపడి అడిగారు. ఇష్టపడినదాన్ని కాదనడానికి అభిరుచి మీద వాదన పెట్టుకుంటే డిజైనర్ గెలవడు, గెలవాల్సిన పనీ లేదు. అక్కడ చూపించాల్సింది లెక్క.

ఆ లెక్క ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. డీలర్ల సమావేశంలో పంచడానికి ఎనిమిది పేజీల బ్రోషర్ కావాలి. అమ్మకాల్లో పచ్చళ్ల వాటా 34 శాతం, కారప్పొడులది 26, అప్పడాలు వడియాలది 22, స్వీట్లది 11, మిగతావన్నీ కలిపి 7. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే గానీ, ఇలాంటి చిన్న పట్టిక ఏ సంస్థ లెక్కల పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఈ పేజీతో యజమానురాలు డీలర్లకు చెప్పాలనుకుంటున్న మాట ఒక్కటే: మాకు అన్నిటికన్నా బలమైన సరుకు పచ్చళ్లు.

బడిలో పై చార్టు గీసినవాళ్లకు పద్ధతి గుర్తుండే ఉంటుంది. వృత్తం చుట్టూ 360 డిగ్రీలు, అంటే ఒక్కో శాతానికి 3.6 డిగ్రీలు. ఆ లెక్కన పచ్చళ్లకు 122 డిగ్రీలు, పొడులకు 94, అప్పడాలకు 79, స్వీట్లకు 40, మిగతావాటికి 25 వస్తాయి. చదునుగా గీసిన చార్టులో ఈ కోణాలు కాగితం మీద ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కోణమానిని పెట్టి కొలిచినా అవే అంకెలు వస్తాయి.

త్రీడీ బొమ్మలో అలా రావు. అందులో వృత్తాన్ని నిటారుగా పైనుంచి చూడం, వాలుగా చూస్తాం. భోజనాల బల్లకు అవతలి వైపున్న పళ్లెం గుండ్రంగా కాక కోలగా కనిపించినట్టే ఇక్కడ చార్టూ కోలగా మారుతుంది. ఎక్సెల్ తనంతట తాను ఇచ్చే వాలు 30 డిగ్రీలు. ఆ వాలులో వృత్తం వెడల్పు చెక్కుచెదరదు, ఎత్తు మాత్రం సగానికి సగం నొక్కుకుపోతుంది. అన్ని వైపులా ఒకేలా నొక్కుకుపోతే పేచీ లేకపోను. ఒక్క దిక్కునే నొక్కుకుపోవడంతో మన ఎదుట ఉన్న ముక్క, దాని వెనక ఉన్న ముక్క విచ్చుకుంటాయి. కుడి ఎడమల ఉన్నవి ముడుచుకుంటాయి. సరిగ్గా పావు భాగం, అంటే 90 డిగ్రీలున్న ముక్కను నడిమధ్యన మన ముందు పెడితే అది కాగితం మీద 127 డిగ్రీలుగా కనిపిస్తుంది. అదే ముక్కను పక్కకు జరిపితే 53 డిగ్రీలే. అంకె మారలేదు, చోటు మారిందంతే.

ఇప్పుడు పచ్చళ్ల సంస్థ చార్టుకు వద్దాం. ఎక్సెల్ మొదటి ముక్కను గడియారంలో 12 ఉండేచోట మొదలుపెట్టి, ముళ్లు తిరిగే దిక్కున ఒక్కొక్కటిగా పేరుస్తుంది. మన పట్టిక ప్రకారం పచ్చళ్లు కుడిపక్కకు వెళ్తాయి, పొడులు సరిగ్గా మన ముందుకొస్తాయి, అప్పడాలు ఎడమపక్కన సర్దుకుంటాయి, స్వీట్లు, మిగతావి వెనక్కి పోతాయి. కాగితం మీద కొలిస్తే పచ్చళ్ల కోణం 122 నుంచి 108కి తగ్గింది. పొడులది 94 నుంచి 128కి పెరిగింది. అప్పడాలు 79 నుంచి 48కి పడిపోయాయి. వెనకాల ఇంకో తారుమారు ఉంది: 11 శాతం ఉన్న స్వీట్లు 33.5 డిగ్రీలకు తగ్గితే, 7 శాతమే ఉన్న ‘మిగతావి’ 43 డిగ్రీలకు ఎగబాకాయి. ఐదు ముక్కల చార్టులో రెండు జంటల వరస తిరగబడింది. పొడులు పచ్చళ్లను దాటేశాయి, చిల్లర సరుకు స్వీట్లను దాటేసింది. ఎవరూ తప్పుడు అంకె వేయలేదు. పట్టికను ఎంచుకుని చార్టు బటన్ నొక్కారు, అంతే.

ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. బొమ్మను ఇలా వాల్చినప్పుడు కోణాలు మారినా, ముక్కల పై ముఖాల వైశాల్యాల మధ్య నిష్పత్తి మారదు. అన్నీ సగానికి తగ్గుతాయి కాబట్టి 34కి 26 అలాగే ఉంటుంది. పై చార్టు చదివేటప్పుడు జనం కోణం కన్నా వైశాల్యాన్ని, అంచు పొడవును ఎక్కువగా పట్టించుకుంటారని డ్రూ స్కౌ, రాబర్ట్ కొసారా 2016లో చేసిన ప్రయోగాలు సూచించాయి. మరి అలాంటప్పుడు త్రీడీతో నష్టమేముంది అని తెలివైన క్లయింటు అడగొచ్చు.

నష్టం గోడలో ఉంది. త్రీడీ బొమ్మకు మందం ఉంటుంది. ఆ మందం తాలూకు గోడ ముందువైపు మాత్రమే కనిపిస్తుంది, వెనక ముక్కలకు గోడే ఉండదు. చార్టు మందం వ్యాసార్థంలో ఐదో వంతు ఉందనుకుని లెక్కవేస్తే, ముందున్న పొడుల ముక్కకు తన పై ముఖంలో 60 శాతానికి సమానమైన రంగు అదనంగా గోడ రూపంలో కలిసొస్తుంది. పచ్చళ్లకు కలిసొచ్చేది 5 శాతం. మొత్తం బొమ్మలో కంటికి కనిపించే రంగును కొలిస్తే పొడులు 34 శాతం చోటు ఆక్రమించాయి, పచ్చళ్లు 29 శాతం. 26 శాతం సరుకు 34 శాతం బొమ్మయి కూర్చుంది. అది అసలు పచ్చళ్లకు దక్కాల్సిన అంకె. దీనిపైన దూరపువి చిన్నగా, దగ్గరివి పెద్దగా కనిపించే ప్రభావం కూడా జోడిస్తే ముందు ముక్క ఇంకా పెరుగుతుంది.

ఇంత లెక్కా ఈమెయిల్‌లో పెడితే క్లయింటు చదవరు. చదవాలని ఆశించడం కూడా న్యాయం కాదు. డిజైనర్ లెక్కంతా తన దగ్గర ఉంచుకుని, అందులోంచి క్లయింటు సొంత సరుకుకు తగిలే ఒక్క ముక్కను బయటికి తీయాలి. అలాంటి ఉత్తరం ఇలా ఉండొచ్చు:

“సబ్జెక్ట్: 3వ పేజీ చార్టు మార్పు, శుక్రవారంలోగా మీ మాట కావాలి

నమస్కారం మేడమ్,

మూడో పేజీకి మీరు అడిగిన త్రీడీ పై చార్టు తయారుచేసి చూశాను. మొదటి ఫైలు అదే. దాన్ని అలాగే అచ్చుకు పంపకుండా మార్చాలనుకుంటున్నాను. కారణం ఏమిటంటే, అందులో పొడుల ముక్క పచ్చళ్ల ముక్క కన్నా పెద్దదిగా కనిపిస్తోంది. మీ లెక్కల్లో పచ్చళ్లు 34 శాతం, పొడులు 26.

బొమ్మను వాల్చినప్పుడు ముందుకొచ్చిన ముక్కకు పక్క గోడ కూడా కలిసి పెద్దదవుతుంది. మన బొమ్మలో రంగు ఆక్రమించిన చోటు కొలిచి చూశాను. పొడులకు 34 శాతం, పచ్చళ్లకు 29 శాతం వచ్చింది. ముక్కల మీద అంకెలు వేసినా డీలర్ల చూపు ముందు బొమ్మ మీదే పడుతుంది.

రెండో ఫైల్లో అవే అంకెలతో అడ్డ బార్ల చార్టు చేశాను. పచ్చళ్ల బారు అన్నిటికన్నా పైన, మీ లోగో ఎరుపులో ఉంది. మిగతావి లేత బూడిద రంగులో ఉన్నాయి. ఫాంటు, పేజీలో పట్టే చోటు మారలేదు. దీనికి అదనపు చార్జీ ఏమీ లేదు, అచ్చుకిచ్చే తేదీ కూడా మారదు.

శుక్రవారం సాయంత్రంలోగా సరేనంటే రెండోది పెట్టేస్తాను. గుండ్రటి చార్టే ఉండాలనుకుంటే వాల్చకుండా చదునుగా చేసినది మూడో ఫైల్లో ఉంది, చూడండి.”

ఈ ఉత్తరంలో లేనివాటిని గమనించాలి. త్రీడీ చార్టులు పాతకాలపువని లేదు. ప్రొఫెషనల్స్ ఇలాంటివి వాడరని లేదు. ఏ పండితుడి పేరూ లేదు. అలాంటి మాట ఒక్కటి పడినా, మీకు తెలియదు నాకు తెలుసు అన్నట్టు వినిపిస్తుంది. క్లయింటు ఆ తర్వాతి వాక్యాన్ని ఇక ఒప్పుకునే మనసుతో చదవరు. ఉన్నదల్లా క్లయింటు అంకె, బొమ్మ చూపిస్తున్న అంకె, రెంటికీ మధ్య తేడా. వెంటనే చార్జీ సంగతి, తేదీ సంగతి తేల్చేయడం కూడా అంతే ముఖ్యం. మార్పు అన్న మాట వినగానే ఏ క్లయింటుకైనా ముందు మెదిలే ప్రశ్నలు ఆ రెండే.

అడిగిన బొమ్మను కూడా చేసి జతచేయడం ఈ ఉత్తరానికి ప్రాణం. చేయకుండా వద్దంటే అది అభిప్రాయం. చేసి, అదే సైజులో రెండోదాని పక్కన పెడితే క్లయింటు తన కళ్లతోనే పోల్చుకుంటారు. కొందరు ఫ్రీలాన్సర్లు చెప్పకుండా చార్టు మార్చేసి ఫైనల్ ఫైలు పంపేస్తారు. చార్టు ఎంత బాగున్నా అది పొరపాటే. డబ్బు పెట్టేవాళ్లకు తెలియకుండా వాళ్ల కాగితం మీద నిర్ణయం తీసుకున్నట్టవుతుంది.

ఇంకా నమ్మకం కుదరని క్లయింటుకు చిన్న పరీక్ష చెప్పొచ్చు. ఎక్సెల్‌లో ఆ త్రీడీ చార్టు మీద రైట్ క్లిక్ చేసి 3-D Rotation తెరవాలి. X Rotation అనే గడిలో 0 ఉంటే దాన్ని 120 చేయాలి. పట్టికలో అంకె ఒక్కటీ మారదు, చార్టు మాత్రం తన చుట్టూ తాను తిరిగి పచ్చళ్లు ముందుకొస్తాయి. ఇప్పుడు పచ్చళ్ల కోణం 108 నుంచి 149 డిగ్రీలకు పెరుగుతుంది. పక్కకు తప్పుకున్న పొడులు 128 నుంచి 63కి, అంటే సగానికి పడిపోతాయి. తిప్పినప్పుడల్లా ముక్కల సైజు మారిపోయే బొమ్మ వాటాలు చెప్పడానికి పనికిరాదని అప్పుడు వేరే చెప్పక్కర్లేదు. చదునుగా ఉన్న పై చార్టును ఎంత తిప్పినా ఏ కోణమూ మారదు.

అయితే పచ్చళ్లు ముందుకొచ్చేలా తిప్పి పెట్టేద్దాం, మనకు కావలసింది అదే కదా అని క్లయింటు అనవచ్చు. ఈ ఆలోచన కొత్తది కాదు. దీనికి బాగా ప్రసిద్ధికెక్కిన ఉదాహరణ 2008 జనవరి నాటిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మ్యాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ అమెరికా స్మార్ట్‌ఫోన్ మార్కెట్ వాటాలను తెర మీద త్రీడీ పై చార్టులో చూపించారు. బ్లాక్‌బెర్రీ తయారుచేసే రిమ్ సంస్థకు 39 శాతం, యాపిల్‌కు 19.5, పామ్‌కు 9.8, మోటరోలాకు 7.4, నోకియాకు 3.1, ఇతరులకు 21.2 శాతం. అంకెలన్నీ ముక్కల మీదే రాసి ఉన్నాయి. కానీ యాపిల్ ముక్క బొమ్మలో ముందువైపు, ‘ఇతరులు’ వెనకవైపు ఉండటంతో 19.5 శాతం ముక్క 21.2 శాతం ముక్క కన్నా స్పష్టంగా పెద్దదిగా కనిపించింది. ఏడాది కూడా నిండని ఐఫోన్ అప్పటికే సుమారు ఐదో వంతు మార్కెట్ సంపాదించిందన్నది నిజంగా గొప్ప వార్త. దాన్ని పెద్దది చేసి చూపాల్సిన అవసరమే లేదు. అయినా ఆ ప్రసంగంలో ఆ చార్టు మీద విమర్శలు వచ్చాయి, చార్టులు ఎలా మోసం చేస్తాయో చెప్పేవాళ్లు ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చూపిస్తుంటారు.

డీలర్ల బ్రోషర్ అంత దూరం వెళ్లకపోవచ్చు. కానీ డీలర్లు లెక్కల మనుషులు. 34 అని రాసిన ముక్క సగం చార్టంత కనిపిస్తే అంకెను నమ్మాలో బొమ్మను నమ్మాలో తెలియక, ఆ రెండింటినీ వేసిన సంస్థనే అనుమానిస్తారు. వ్యాపారికి ఇంతకన్నా నష్టం మరొకటి ఉండదు.

ఇంతకీ బార్ల చార్టు ఎందుకు మేలు? 1984లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెగిల్ ఈ విషయాన్ని ప్రయోగాలు చేసి తేల్చారు. కొందరికి రకరకాల చార్టులు చూపించి, ఇందులో చిన్నది పెద్దదానిలో ఎంత శాతం ఉందో అంచనా వేయమన్నారు. ఒకే గీత నుంచి మొదలయ్యే బార్ల చివరలను పోల్చడంలో జనం చేసిన తప్పు కన్నా, పై చార్టులో కోణాలను పోల్చడంలో చేసిన తప్పు దాదాపు రెండింతలుంది. అది చదునుగా ఉన్న పై చార్టుల సంగతి. వాల్చినవాటిలో కోణమే అబద్ధం కాబట్టి అంచనా ఎంత జాగ్రత్తగా వేసినా లాభం లేదు.

మన ఉదాహరణలో ఒక్కో శాతానికి 2 మిల్లీమీటర్లు ఇస్తే పచ్చళ్ల బారు 68 మిల్లీమీటర్లు, పొడులది 52, అప్పడాలది 44, స్వీట్లది 22, మిగతావి 14. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. పచ్చళ్లకూ పొడులకూ మధ్య 16 మిల్లీమీటర్ల తేడా చేయి చాచి పట్టుకున్న పేజీలో కూడా కనిపిస్తుంది. పేర్లు బార్లకు ఎడమపక్కన నేరుగా రాసేస్తాం కాబట్టి రంగుల పట్టీ అవసరం ఉండదు. ఐదు రంగుల పై చార్టును నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తే రంగులన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండే బూడిద రంగులైపోతాయి, ఏ ముక్క దేనిదో పట్టీ చూసినా తేలదు. డీలర్ల కాగితాలు జిరాక్స్ మిషన్ మీదికి వెళ్లకుండా ఉండవు.

ఎక్సెల్‌లో ఈ మార్పు చేసేటప్పుడు మూడు చోట్ల చేయి జారుతుంది. అడ్డ బార్ల చార్టు వేయగానే పట్టికలో మొదటి వరస అడుక్కి పోతుంది, పచ్చళ్లు అట్టడుగున కనిపిస్తాయి. Format Axis లోకి వెళ్లి Categories in reverse order టిక్ పెడితే పైకొస్తాయి. రెండోది, బార్ల మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉంటుంది. Gap Width ను 50 దగ్గరికి తెస్తే బార్లు నిండుగా కనిపిస్తాయి. రిచ్‌గా లేదన్న ఫిర్యాదు సగం అక్కడే తీరిపోతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బార్లు కచ్చితంగా 0 నుంచే మొదలవ్వాలి. పొరపాటున 20 నుంచి మొదలుపెడితే పచ్చళ్ల బారు 14 గళ్లు, పొడుల బారు 6 గళ్లు మిగిలి, ఒకటి ఇంకోదానికి రెట్టింపు పైన కనిపిస్తుంది. స్వీట్లు, మిగతావి అయితే కనిపించకుండానే పోతాయి. త్రీడీ అబద్ధాన్ని తీసేసి ఈ అబద్ధాన్ని తెచ్చిపెట్టుకుంటే డిజైనర్ రాసిన ఉత్తరానికి అర్థమే ఉండదు.

అలాగని పై చార్టునే తప్పుపట్టడం సరికాదు. పై చార్టు, బార్ల చార్టు రెండూ ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి. స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో బార్లు, 1801లో పై చార్టు అచ్చువేశారు. ఆ తొలి పై చార్టు టర్కీ సామ్రాజ్యంలో ఎంత భాగం ఆసియాలో, ఎంత యూరప్‌లో, ఎంత ఆఫ్రికాలో ఉందో చూపించింది. మూడే ముక్కలు, చదునైన వృత్తం. ఇయాన్ స్పెన్స్, స్టెఫాన్ లెవండోస్కీ 1991లో చేసిన ప్రయోగాల్లో రెండు భాగాలను కలిపి మరో రెండింటితో పోల్చాల్సి వచ్చినప్పుడు పై చార్టు బార్ల కన్నా బాగా పనిచేసింది. పచ్చళ్లూ పొడులూ కలిస్తే సగం దాటాయా అన్నది డీలర్లకు చెప్పాల్సిన మాటయితే చదునైన పై చార్టే నయం. 34, 26 కలిపితే 60. ఆ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉండి సగం గీతను దాటడం ఒక్క చూపులో తెలుస్తుంది. ఉత్తరంలో మూడో ఫైలు ఉన్నది అందుకే. క్లయింటును ఊరడించడానికి పెట్టింది కాదు.

ఇంతా చూశాక కూడా క్లయింటు త్రీడీయే కావాలంటే? బ్రోషర్ వాళ్లది, మాట వాళ్లదే. అప్పుడు డిజైనర్ చేయగలిగింది నష్టాన్ని తగ్గించడం. 3-D Rotation లో Y Rotation గడిలోని 30ని 70 చేస్తే వృత్తం ఎత్తు సగం కాక 94 శాతం మిగులుతుంది, కోణాలు దాదాపు నిజానికి దగ్గరికొస్తాయి, ముందు గోడ సన్నటి అంచులా మిగులుతుంది. త్రీడీ మెరుగు కొంత ఉంటుంది, వరస తిరగబడదు. ప్రతి ముక్క మీద పేరు, శాతం రాయాలి. ముక్కల్లో ఒకదాన్ని బయటికి లాగి పెట్టే అలవాటు మానుకోవాలి. బయటికి లాగిన ముక్క మధ్య బిందువును వదిలేస్తుంది కాబట్టి దాని కోణాన్ని పక్కవాటితో పోల్చడానికి ఆధారం పోతుంది. ఇలా సర్దిన చార్టు పంపుతూ, ముందు రాసిన ఈమెయిల్ మీదే జవాబుగా, మీరు కోరినట్టు త్రీడీ ఉంచి వాలు తగ్గించానని రెండు వాక్యాలు రాసి ఉంచాలి. రేపు సమావేశంలో ఎవరైనా అడిగితే ఏ నిర్ణయం ఎందుకు జరిగిందో ఇద్దరి దగ్గరా కాగితం ఉంటుంది.

అయితే చాలాసార్లు పేచీ ఇంతవరకు రాకుండానే ఆపొచ్చు. అది క్లయింట్ల చేతిలో ఉంది. డిజైనర్‌కు పని అప్పగించేటప్పుడు త్రీడీ పై చార్టు కావాలని ఆకారం చెప్పకండి. పేజీ తిప్పిన డీలరుకు ఏ మాట గుర్తుండాలో ఒక్క వాక్యంలో రాయండి: అమ్మకాల్లో మూడో వంతు పచ్చళ్లవే అనో, పచ్చళ్లూ పొడులూ కలిసి 60 శాతం అనో. దాంతోపాటు ఎక్సెల్ ఫైలు ఇవ్వండి, స్క్రీన్‌షాట్ కాదు. తిరిగొచ్చిన చార్టును అచ్చుకు పంపేముందు అంకెల మీద చేయి అడ్డం పెట్టి, ఏది పెద్దదిగా కనిపిస్తోందో ఆఫీసులో ఇంకొకరిని అడగండి. వాళ్లు చెప్పిన వరస మీ పట్టికలోని వరసతో కలవకపోతే చార్టును వెనక్కి పంపండి.